పదకొండో తారీఖు లోపు బిల్లులు రప్పించడం ఎలా?

నెల మొదలై వారం గడిచిందంటే చాలు, ఏ ఊళ్లో చూసినా జీఎస్టీ రిటర్నులు వేసే కన్సల్టెంట్ల ఫోన్లలో ఇలాంటి వరస కనిపిస్తుంది.

"సార్, బిల్లులు."

"సార్, సేల్స్ ఇంకా పంపలేదు."

"సార్?"

"చూసి కూడా రిప్లై ఇవ్వకపోతే ఎలా సార్."

"రేపే లాస్ట్ డేట్. తర్వాత నన్ను అనొద్దు."

అయిదు మెసేజ్‌లు, అయిదుకీ నీలం టిక్కులు. జవాబు మాత్రం ఒక్కదానికీ ఉండదు. ఆఫీసులో కన్సల్టెంటుకి ఒళ్లు మండుతుంటుంది. షాపులో యజమానికి ఆ పేరు తెరమీద కనపడగానే ఫోను బోర్లా పెట్టెయ్యాలనిపిస్తుంది. నెలనెలా ఇదే తంతు.

ఆ అయిదు మెసేజ్‌లనూ ఒకసారి అవతలివాడి కళ్లతో చదివి చూడండి. అయిదింటిలోనూ ఉన్న సమాచారం ఒక్కటే: నువ్వింకా పంపలేదు. ఏం పంపాలి, ఇప్పటికి ఏం అందింది, ఎప్పటిలోగా కావాలి, ఇవ్వకపోతే ఎవరికి ఏం నష్టం అన్నవి ఎక్కడా లేవు. పైగా వాటికి ఒక్క ముక్కలో జవాబిచ్చే వీలు లేదు. పని మొత్తం చేసి పంపడమే జవాబు. అంత పని ఆ నిమిషంలో కుదరదు కాబట్టి యజమాని ఊరుకుంటాడు. రెండు రోజులు ఊరుకున్నాక జవాబివ్వడానికి మొహమాటం అడ్డొస్తుంది. మూడో మెసేజ్‌లో విసురు కనపడగానే ఆ మొహమాటం కాస్తా ముఖం చాటేయడంగా మారుతుంది.

అలాగని అడగడం మానేస్తే రిటర్న్ ఆగిపోతుంది. అడగాల్సిందే, పట్టు వదలకుండానే అడగాలి. కాకపోతే ఆ పట్టు తారీఖుల్లో ఉండాలి, గొంతులో కాదు.

ముందు క్యాలెండరు

నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారికి ముఖ్యమైన తేదీలు మూడు. గడిచిన నెల అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వేయడానికి గడువు 11. అమ్మినవాళ్లు చూపించిన బిల్లులను బట్టి కొన్నవాళ్ల ఖాతాలో 2బి అనే పట్టిక తయారయ్యేది 14న. లెక్కంతా తేల్చి పన్ను కట్టి జీఎస్టీఆర్-3బి వేయడానికి గడువు 20.

ఇందులో 11 ఎందుకంత కీలకమంటే, ఆ గడువు అమ్మిన వ్యాపారి ఒక్కడికి సంబంధించింది కాదు. ఆయన దగ్గర సరుకు కొన్న మరో వ్యాపారి, బిల్లు మీద కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకోవాలంటే ఆ బిల్లు అమ్మినవాడి జీఎస్టీఆర్-1లో ఉండి తీరాలి. 11 దాటాక వేస్తే అది కొన్నవాడికి ఆ నెల 2బిలో రాదు, తర్వాతి నెల పట్టికలో వస్తుంది. అంటే ఆయన డబ్బు ఒక నెల ఆగిపోయినట్టే.

టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. వాళ్ల తేదీలు వేరు కాబట్టి ఈ వరసనూ ఆ తేదీలకు జరుపుకోవాలి. ఇక్కడ నెలవారీ వేసే షాపునే చూద్దాం.

మౌనం వెనక ఏముంది?

జవాబివ్వని క్లయింటుని నిర్లక్ష్యం మనిషి అని తీసిపారేస్తాం. దగ్గరికెళ్లి చూస్తే మౌనానికి మామూలుగా నాలుగు కారణాలుంటాయి.

ఒకటి, బిల్లులు యజమాని దగ్గర ఉండవు. బిల్లింగ్ కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రాడి దగ్గరుంటాయి. మెసేజ్ యజమానికి వెళ్తుంది, ఆయన సాయంత్రం చెబుదామనుకుని మర్చిపోతాడు. రెండు, ఒకటి రెండు బిల్లుల్లో తేడా ఉంటుంది. ఎవరిదో జీఎస్టీ నంబరు తప్పు పడి ఉంటుంది, లేదా సరుకు వెనక్కి వచ్చి ఉంటుంది. అది తేలాక అన్నీ కలిపి పంపుదామని మొత్తం ఆపేస్తారు. మూడు, కన్సల్టెంటుకి ఇవ్వాల్సిన ఫీజు రెండు మూడు నెలలు బాకీ ఉంటుంది. మాట్లాడితే ఆ సంగతి వస్తుందని తప్పించుకుంటారు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది, ఎవరూ పైకి చెప్పనిది. పన్ను కట్టడానికి చేతిలో డబ్బుండదు. అరువుకి అమ్మిన సరుకు సొమ్ము ఇంకా వచ్చి ఉండదు. బిల్లులిస్తే పన్ను లెక్క తేలుతుంది, తేలితే కట్టాలి. కాబట్టి బిల్లులే ఇవ్వకుండా ఉంటే సరి అన్న ఆలోచన. ఇలాంటివాళ్లకి "అర్జెంట్ సార్" అని పదిసార్లు పెట్టినా ఫలితం ఉండదు. వాళ్లకి కావాల్సింది ఒక వివరం: జీఎస్టీఆర్-1 వేయడానికి రూపాయి కట్టనక్కర్లేదు. డబ్బు కావాల్సింది 3బి దగ్గర, అంటే 20వ తారీఖుకి. ఈ రెంటినీ విడదీసి చెప్పగానే బిల్లులు బయటికొచ్చే షాపులు చాలానే ఉంటాయి.

ఒక షాపు, ఒక నెల

ఉదాహరణకి విజయవాడలో పైపులు, ట్యాపులు, శానిటరీ సామాను అమ్మే షాపు ఒకటి అనుకుందాం. యజమాని పెద్దాయన. కన్సల్టెంటు ఆయన కళ్లముందు పెరిగిన కుర్రాడు కాబట్టి "బాబాయ్ గారూ" అనే పిలుస్తాడు. అక్టోబరు అమ్మకాలకి నవంబరు 11 గడువు.

మొదటి మెసేజ్ నవంబరు 1న వెళ్లాలి. అప్పటికి ఆలస్యం అనేదే లేదు కాబట్టి అందులో నిష్ఠూరానికి చోటుండదు.

"నమస్తే బాబాయ్ గారూ. అక్టోబరు రిటర్న్‌కి మీ నుంచి రెండే కావాలి. ఒకటి, సేల్స్ బిల్లుల ఫైలు. రెండు, సరుకు ఏమైనా వెనక్కొస్తే ఆ క్రెడిట్ నోట్లు. కొనుగోలు బిల్లులు ఇప్పుడే వద్దు, 14 తర్వాత 2బితో సరిచూసుకుందాం. 7వ తారీఖు సాయంత్రానికి అందితే 9న ఫైల్ చేసి రసీదు పంపుతాను. బిల్లింగ్ చూసే అబ్బాయికి కూడా ఇదే పెట్టాను."

ఏం కావాలో ఎంత ముఖ్యమో, ఏం అక్కర్లేదో చెప్పడమూ అంతే ముఖ్యం. "బిల్లులన్నీ పంపండి" అంటే అవతలివాడి కళ్లముందు పెద్ద కట్ట కనపడుతుంది. "రెండే కావాలి" అంటే పని చిన్నదవుతుంది. గడువు 11 అయినా అడిగింది 7కి. ఆ నాలుగు రోజులు తప్పు జీఎస్టీ నంబర్లు సరిచేసుకోవడానికి. ఈ మాట దాచాల్సిన పనిలేదు. అబద్ధపు గడువు చెబితే రెండో నెలకే పట్టుబడిపోతారు, ఆ తర్వాత నిజమైన గడువు చెప్పినా నమ్మరు.

రెండో మెసేజ్ 5న. ఇందులో పని అడగకూడదు, పరిస్థితి అడగాలి.

"బాబాయ్ గారూ, అక్టోబరు సేల్స్ గురించి. ఒక్క అంకె కొట్టండి చాలు. 1 అంటే ఫైలు రెడీ, ఇవాళో రేపో పంపుతాం. 2 అంటే ఇంకా కాలేదు, 7 దాటుతుంది. 3 అంటే ఏదో చిక్కుంది, ఫోన్ చెయ్యి."

కౌంటర్లో ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా అంకె కొట్టడానికి రెండు సెకన్లు చాలు. ఈ మెసేజ్ అసలు ప్రయోజనం "3"లో ఉంది. చిక్కుందని ఒప్పుకోవడానికి అది మర్యాదైన దారి. కారణం రాయక్కర్లేదు, సంజాయిషీ చెప్పక్కర్లేదు. చదివే అలవాటు లేని పెద్దవాళ్లకైతే ఇదే విషయం ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా పెడితే ఇంకా మేలు.

7వ తారీఖు గడిచినా జవాబు లేదంటే మూడో మెసేజ్ పెట్టకూడదు. 8న ఫోన్ చేయాలి. అదీ వేళ చూసి. ఇలాంటి షాపుల్లో పొద్దున మేస్త్రీలూ ప్లంబర్లూ సామానుకోసం నిలబడి ఉంటారు, సాయంత్రం మళ్లీ రద్దీ. భోజనాలయ్యాక రెండున్నర నుంచి నాలుగు మధ్య యజమాని కాస్త తీరిగ్గా దొరుకుతాడు. బట్టల కొట్టుకి ఆ వేళ వేరుగా ఉండొచ్చు, కూరగాయల మండీకి ఇంకోలా. ఎవరు ఏ వేళకి ఫోనెత్తుతారో రాసిపెట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఫోనులో మొదటి మాట "ఏంటి బాబాయ్, పంపలేదు" అని ఉండకూడదు. "ఎక్కడ ఆగింది బాబాయ్ గారూ, నేనేమైనా చూడనా?" అని ఉండాలి. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

"బిల్లులకేముందిరా, ఉన్నాయి. ఇస్తే ట్యాక్స్ కట్టమంటావు. అపార్ట్‌మెంట్ వాళ్ల డబ్బులింకా రాలేదు."

"జీఎస్టీఆర్-1కి ఇప్పుడేం కట్టక్కర్లేదు బాబాయ్ గారూ. కట్టేది 20న. ముందు బిల్లులివ్వండి, 2బి వచ్చాక ఇన్‌పుట్ తీసేసి ఎంత కట్టాలో 15కల్లా చెబుతాను. చేతిలో అయిదు రోజులుంటాయి కదా, చూసుకుందాం."

"సరే, రేపు పంపిస్తా."

ఫోను పెట్టేశాక అదే నిమిషంలో ఒక వాక్యం రాసి పంపాలి: "అనుకున్నట్టు రేపు, 9వ తారీఖున, సేల్స్ ఫైలు. పన్ను లెక్క 15న నేను చెబుతాను." ఇద్దరి మాటా కాగితం మీదికి ఎక్కినట్టవుతుంది. ఆ తర్వాత అడగాల్సివస్తే ఆ వాక్యాన్నే ఎత్తి చూపొచ్చు. కొత్తగా దెబ్బలాడాల్సిన పని ఉండదు.

నాలుగో మెసేజ్: బెదిరింపు కాదు, లెక్క

9 గడిచింది. ఫైలు రాలేదు. చాలామంది ఇక్కడే సహనం కోల్పోయి జరిమానా పేరు చెప్పి భయపెడతారు. దానివల్ల పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే వ్యాపారికి ఆ లెక్క తెలుసు. 3బి ఆలస్యానికి రోజుకి 50 రూపాయలు, అమ్మకాలే లేని నెలకైతే 20. ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. నగదుగా కట్టాల్సింది 40,000 అనుకుంటే పది రోజుల ఆలస్యానికి లేట్ ఫీజు 500, వడ్డీ సుమారు 197. మొత్తం 700 లోపే. చేతిలో డబ్బాడనివాడికి అది చవకైన అప్పులా కనపడుతుంది. "భారీ పెనాల్టీ పడుద్ది" అని పెడితే కన్సల్టెంటు మాట విలువే తగ్గుతుంది.

కదిలించే లెక్క వేరే ఉంది. 50,000 దాటిన సరుకు పంపడానికి ఈ-వే బిల్లు తీసి ఉంటారు కాబట్టి పెద్ద అమ్మకాలు కొన్ని కన్సల్టెంటుకి పోర్టల్లోనే కనపడతాయి. వాటిని చూసుకుని 10వ తారీఖు పొద్దున ఈ మెసేజ్ పెట్టాలి.

"బాబాయ్ గారూ, రేపు 11. సేల్స్ ఫైలు ఇంకా అందలేదు. గన్నవరం కాంట్రాక్టరు గారికి అక్టోబరులో రూ.3,40,000 సరుకు వేశారు, దానిమీద పన్ను రూ.61,200. రేపు ఫైల్ కాకపోతే ఆ ఇన్‌పుట్ ఆయనకి ఈ 14న రాదు, డిసెంబరు 14న వస్తుంది. మొత్తం తెమలకపోతే జీఎస్టీ నంబరున్న వాళ్ల బిల్లులు విడిగా, చిల్లర అమ్మకాలకి పన్ను రేటు వారీగా మొత్తాలు పంపండి చాలు. రేపు సాయంత్రం 4 వరకు ఎదురుచూస్తాను."

ఇందులో గొంతు పెంచిన మాట ఒక్కటీ లేదు. కానీ చదవగానే యజమానికి కాంట్రాక్టరు ముఖం కళ్లముందు మెదులుతుంది. రేపు ఆయన ఫోన్ చేసి "నా ఇన్‌పుట్ ఏదండీ" అని అడుగుతాడు, ఆ తర్వాత బిల్లు డబ్బు ఆపినా ఆపుతాడు. ప్రభుత్వానికి కట్టే 700 కంటే ఖాతాదారు అలగడం షాపుకి ఖరీదైన వ్యవహారం. మెసేజ్ రెండో సగం ఇంకా ముఖ్యం. అడిగే పనిని అది ఇంకొంచెం చిన్నది చేసింది. చిల్లర అమ్మకాల బిల్లులు ఒక్కోటీ ఎక్కించనక్కర్లేదు, మొత్తాలు చాలు అన్న సంగతి యజమానికి తెలియకపోవచ్చు. గడువు దగ్గరపడేకొద్దీ అడిగేది తగ్గుతూ రావాలి, వివరం పెరుగుతూ రావాలి. పాత పద్ధతిలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది.

అప్పటికీ రాకపోతే

11 రాత్రి వరసగా మిస్డ్ కాల్స్ ఇవ్వడంలో అర్థం లేదు. 12వ తారీఖు పొద్దున జరిగింది జరిగినట్టు రాయాలి: "నిన్నటికి ఫైలు అందలేదు కాబట్టి అక్టోబరు జీఎస్టీఆర్-1 వేయలేదు. మీరు చెప్పకుండా అమ్మకాలు లేవని నిల్ రిటర్న్ వేయను. ఫైలు ఎప్పుడిచ్చినా రెండు రోజుల్లో వేస్తాను. తర్వాతి గడువు 20."

నిల్ గురించిన ఆ వాక్యం తప్పనిసరి. "ఏదో ఒకటి వేసెయ్, తర్వాత చూద్దాం" అని కొందరు క్లయింట్లు నోటిమాటగా అంటారు. ఈ-వే బిల్లులు నెట్‌లో కనపడుతుండగా అమ్మకాలు సున్నా అని వేస్తే అది ఆలస్యం కాదు, తప్పుడు రిటర్న్. ఆలస్యానికి పరిహారం వందల్లో ఉంటుంది, తప్పుడు లెక్కకి నోటీసొస్తుంది.

20 దాటితే వారానికి ఒకటి చాలు, ప్రతిదానిలోనూ కొత్తగా జరగబోయేది ఒకటే చెప్పాలి. జీఎస్టీఆర్-3ఎ నోటీసు వస్తే పదిహేను రోజుల్లో రిటర్న్ వేయాలని చెప్పాలి. 3బి వరసగా రెండు నెలలు ఆగితే ఈ-వే బిల్లు తీయడం కుదరదని, అంటే సరుకు బండి ఎక్కదని చెప్పాలి. ఆరు నెలలు ఆగితే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఆఫీసరుకి వస్తుందని చెప్పాలి. ఇవి ముందే గుమ్మరించేస్తే బెదిరింపులు, ఏది దగ్గరికొచ్చినప్పుడు అది చెబితే సమాచారం.

అప్పటికీ మాట లేకపోతే చివరగా ఒక ఉత్తరం. ఈమెయిల్‌లోనూ, పోస్టులోనూ. ఏ ఏ నెలల రిటర్నులు ఆగాయి, ఏ ఏ తారీఖుల్లో అడిగాం, ఏమేం అందలేదు అన్నవి వరసగా రాసి, ఫలానా తేదీలోపు కబురు రాకపోతే రిటర్నుల బాధ్యత మా నుంచి తప్పుకున్నట్టేనని, కాగితాలు ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లవచ్చని చెప్పాలి. నిందలు వద్దు. రేపు ఆ క్లయింటు ఆఫీసరు ముందు "మా ఆడిటరు చెప్పలేదండీ" అంటే ఈ వరసంతా కన్సల్టెంటుకి కవచం. గౌరవంగా ముగించారు కాబట్టి ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి మళ్లీ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడడు.

చెడేది ఎక్కడ?

బాగా కుదుర్చుకున్న వరస కూడా కొన్నిచోట్ల బెడిసికొడుతుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పెట్టిన మెసేజ్, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి చేరదు. వాళ్ల మౌనాన్ని పొగరు అనుకుంటాం. రెండో టిక్కు పడిందో లేదో ముందు చూసుకోవాలి. పంపేసినవాడికి కూడా "ఇంకా పంపలేదు" అని వెళ్తే ఇంకెప్పుడూ మీ మెసేజ్ తెరిచి చూడడు. అందుకే 5వ తారీఖు మెసేజ్ పెట్టేముందు అందినవాళ్ల పేర్లు కొట్టేసుకోవాలి. పదిమంది ఉన్న గ్రూపులో ఒకరి పేరెత్తి అడగడం పరువు తీయడమే. ఫీజు బాకీ సంగతి ఈ మెసేజ్‌లలో కలపకూడదు. దానికి నెలాఖరున వేరే మాట, వేరే రోజు.

వరస పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పుస్తకంలో నాలుగు గడులు చాలు: పేరు, బిల్లులు నిజంగా ఎవరి దగ్గరుంటాయి, ఫోనెత్తే వేళ, ఎన్నో మెసేజ్‌కి పలికారు. మూడు నెలలు రాస్తే బొమ్మ కనపడుతుంది. మొదటి మెసేజ్‌కే పంపేవాళ్లని మళ్లీ కదపనక్కర్లేదు. ఎప్పుడూ ఫోన్ చేస్తేనే కదిలేవాళ్లకి 5నే ఫోన్ చేయొచ్చు. ప్రతినెలా నాలుగోదాకా వచ్చే షాపుకి సమస్య మెసేజ్‌లతో తీరదు. అక్కడ డబ్బు తిప్పుకోవడంలోనో, బిల్లింగ్‌లోనో లోపముంది. ఒకరోజు వెళ్లి కూర్చోవాలి.

చివరి మాట షాపుల యజమానులకి. బిల్లులు సిద్ధంగా లేకపోతే ఆ మాటే చెప్పండి. డబ్బు లేకపోతే అదీ చెప్పండి. ఏ తారీఖుకి ఇవ్వగలరో ఒక్క వాక్యం రాస్తే మీ కన్సల్టెంటు మిగతా మెసేజ్‌లు పెట్టడు. పెట్టాల్సిన అవసరమూ ఉండదు.